కుళాయి కట్టగానే పైపు ఎందుకు కొట్టుకుంటుంది?

మిక్సర్ లివర్‌ను టక్కున నొక్కి నీళ్లు ఆపేస్తాం. ఆ మరుక్షణం గోడలో ఎక్కడో ధబ్‌మని చప్పుడు. ఒక్కోసారి ఒక్క దెబ్బతో ఆగుతుంది, ఒక్కోసారి ధబ్ ధబ్ ధబ్‌మని మూడు నాలుగు సార్లు మోగి సద్దుమణుగుతుంది. అర్ధరాత్రి అయితే పక్క ఫ్లాట్ వాళ్లకూ వినబడుతుంది. "పైపులో గాలి పట్టింది, అదే పోతుంది" అని చాలామంది సర్దిచెప్పుకుంటారు. కొందరు ప్లంబర్లు కూడా అదే మాట చెబుతారు. గాలి పట్టిన పైపు చేసే గోల వేరు. కుళాయి తిప్పినప్పుడు నీళ్లు బుసబుసమంటూ, ఆగి ఆగి, చిమ్ముతూ వస్తాయి. కుళాయి కట్టినప్పుడు పడే దెబ్బకు కారణం గాలి కాదు, నీళ్లే. ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. ప్లంబర్లయితే "పైపు కొట్టుకుంటోంది" అంటారు.

నీళ్లు మెత్తనివని మనకో నమ్మకం. కానీ నీటిని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. బాత్రూములో కుళాయి తెరిచినప్పుడు దాని మూతి దగ్గరి నీళ్లు మాత్రమే కదలవు, వెనకాల పైపులో ఉన్న నీళ్ల బారు మొత్తం ఒకే వేగంతో పరుగెడుతుంది. కుళాయి ఠక్కున మూసుకుంటే ఆ బారంతా ఒకేసారి ఆగదు. నిండుగా జనం నిలబడి ఉన్న ఆర్టీసీ బస్సుకు డ్రైవర్ సడన్ బ్రేకు వేస్తే ముందు నిలబడ్డవాళ్లు కమ్మీకి ఆనుకుపోతారు, వాళ్ల మీద వెనకవాళ్లు, వాళ్ల మీద ఇంకా వెనకవాళ్లు పడతారు. ఒత్తిడి ముందు నుంచి వెనక్కి పాకుతుంది. పైపులోనూ అదే జరుగుతుంది. కుళాయిని తాకి ఉన్న నీళ్లు ముందు ఆగి బిగుసుకుంటాయి, ఆ బిగువు ఒక అలగా వెనక్కి, ట్యాంకు వైపు పరుగెడుతుంది. అక్కడ వెనుదిరిగి మళ్లీ కుళాయి దగ్గరికి వస్తుంది. ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూ, రాపిడికి శక్తి కరిగిపోయాక ఆగుతుంది. మనం వినే ధబ్ ధబ్‌లు ఆ రాకపోకలవే. అల మలుపు తిరిగే ఎల్బో దగ్గర పైపును తోస్తుంది. పైపు వదులుగా ఉంటే ఎగిరి గోడకో, పక్క పైపుకో తగులుతుంది.

ఆ అల వేగం ఊహకందనంత ఎక్కువ. ఇనుప జీఐ పైపులో సెకనుకు దాదాపు 1,400 మీటర్లు. ఇప్పుడు మన అపార్టుమెంట్లలో వేస్తున్న సీపీవీసీ పైపు గోడ కాస్త సాగుతుంది కాబట్టి అందులో 550 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఈ వేగమే నిర్ణయిస్తుందని మాస్కోలో నికొలాయ్ జుకోవ్‌స్కీ తేల్చాడు. రష్యా విమానయాన పితామహుడని పేరు పొందిన శాస్త్రవేత్త ఈయనే. మాస్కో నగర మంచినీటి పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో తన ఫలితాలు ప్రకటించాడు. ఆయన చెప్పిన సూత్రం సారాంశం చాలా సులువు. కుళాయి చిటికెలో మూసుకున్నప్పుడు పెరిగే ఒత్తిడి మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: నీటి సాంద్రత, అల వేగం, ఆగిన నీళ్లు అంతకు ముందు ఎంత వేగంతో పోతున్నాయన్నది. మొదటి రెండూ మన చేతుల్లో లేవు. మూడోది ఉంది. వైద్యమంతా ఆ మూడోదాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్క చెప్పుకుంటే విషయం కళ్లకు కడుతుంది. నాకు తెలిసిన ఒక ఇంటి సంగతే తీసుకుంటాను. హైదరాబాద్ నిజాంపేటలో మా వదిన వాళ్ల ఫ్లాట్ ఐదో అంతస్తులో, పైన టెర్రస్. ట్యాంకు నెత్తిమీదే ఉంది కాబట్టి నీళ్లు బాగా రావాలని అనుకుంటాం. జరిగేది దానికి తిరకాసు. ఒత్తిడి నీటిమట్టం ఎత్తును బట్టి వస్తుంది, పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. కింది అంతస్తువాళ్లకు పదిహేను మీటర్ల ఎత్తు దొరికితే పై అంతస్తువాళ్లకు దొరికేది రెండు మూడు మీటర్లే. షవర్ సన్నగా కారుతోందని వాళ్లు బాత్రూము లైనుకు చిన్న బూస్టర్ పంపు పెట్టించారు. షవర్ బ్రహ్మాండంగా వచ్చింది. దాంతోపాటే ధబ్‌మనే చప్పుడూ వచ్చింది.

ప్లంబర్ వచ్చి ముందుగా అడిగింది బకెట్, ఫోనులో స్టాప్‌వాచ్. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. బూస్టర్ ఆపి, చన్నీళ్లు మాత్రం పూర్తిగా తిప్పి ఇరవై లీటర్ల బకెట్ పెడితే నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. బూస్టర్ వేసి పెడితే నిమిషం నలభై సెకన్లు. అంటే నిమిషానికి ఐదు లీటర్లు వచ్చేచోట పన్నెండు లీటర్లు వస్తున్నాయి. బాత్రూము గోడలో ఉన్నది అర అంగుళం సీపీవీసీ. దాని లోపలి వ్యాసం సుమారు పన్నెండున్నర మిల్లీమీటర్లే. అంత ఇరుకు గొట్టంలో నిమిషానికి ఐదు లీటర్లు పోవాలంటే నీళ్లు సెకనుకు 70 సెంటీమీటర్ల వేగంతో పోవాలి. పన్నెండు లీటర్లు పోవాలంటే 165 సెంటీమీటర్లు. జుకోవ్‌స్కీ సూత్రంలో వేస్తే మొదటి సందర్భంలో ఒత్తిడి సుమారు నాలుగు బార్ల దాకా ఎగరగలదు, రెండో సందర్భంలో తొమ్మిది బార్ల దాకా. తొమ్మిది బార్లంటే తొంభై మీటర్ల నీటి ఎత్తు. కన్ను మూసి తెరిచేలోగా, మీ ట్యాంకును ముప్పయ్యో అంతస్తు మీద పెడితే ఎంత ఒత్తిడి వస్తుందో అంత ఒత్తిడి ఆ చిన్న పైపులో పుట్టి పోతుంది. బూస్టర్ పంపు ఇచ్చే ఒత్తిడి ఒకటిన్నర రెండు బార్లే. మిగతాదంతా ఆగిన నీళ్ల సొంత విసురు.

ఈ తొమ్మిది బార్లు గరిష్ఠం. కుళాయి ఎంత తొందరగా మూసుకుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అల ట్యాంకు వైపు వెళ్లి తిరిగి వచ్చేలోపు కుళాయి మూసుకుపోతే పూర్తి దెబ్బ పడుతుంది. పదిహేను మీటర్ల సీపీవీసీ లైనులో ఆ రానుపోను సమయం సెకనులో ఇరవయ్యో వంతు. పాతకాలపు మర తిప్పే కుళాయి మూసుకోవడానికి మూడు నాలుగు చుట్లు తిప్పాలి, ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆలోగా అల ఎన్నోసార్లు వెళ్లివచ్చి ఒత్తిడిని వదిలించేస్తుంది, పెరిగేది బార్‌లో చిన్న భాగం మాత్రమే. అందుకే మన తాతల ఇళ్లలో ఈ చప్పుడు అంతగా వినబడేది కాదు. ఇప్పుడొచ్చే క్వార్టర్ టర్న్ కుళాయి పావు చుట్టుతో మూసుకుంటుంది, సింగిల్ లివర్ మిక్సర్ ఒక్క నొక్కుతో. హెల్త్ ఫాసెట్ ట్రిగర్ వదిలితే స్ప్రింగు దానంతటదే కొడుతుంది. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు ఆపే విద్యుత్ వాల్వు వీటన్నింటికంటే చురుకైనది, సెకనులో వందో వంతుల్లో మూసుకుంటుంది. మెషీన్ నీళ్లు తీసుకుంటున్నప్పుడు ఆగి ఆగి గోడలో దెబ్బలు వినిపిస్తే అనుమానించాల్సింది దాన్నే.

వైద్యానికి ముందు రోగం అదేనో కాదో తేల్చుకోవాలి, ఎందుకంటే పైపులు చేసే చప్పుళ్లన్నీ వాటర్ హ్యామర్ కాదు. గీజర్ వేడినీళ్లు వదిలాక కాసేపటికి టిక్ టిక్‌మని వినబడితే అది పైపు సాగడం. పది మీటర్ల సీపీవీసీ పైపు 40 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర సెంటీమీటర్ల దాకా పొడవు పెరుగుతుంది, క్లాంపుల్లో జరుగుతూ ఆ శబ్దం చేస్తుంది. కుళాయి సగం తిప్పి ఉంచినప్పుడు గడగడమని వణికితే లోపలి వాషరు వదులైందని అర్థం, కొత్త వాషరు వేస్తే పోతుంది. ఎవరూ కుళాయి ముట్టుకోకపోయినా ఫ్లష్ ట్యాంకు నిండే చివరి క్షణాల్లో దడదడ వస్తే బాల్ కాక్ పని. నీటి అలల మీద తేలుతున్న బంతి పైకీ కిందికీ ఊగుతూ వాల్వును తెరుస్తూ మూస్తూ ఉంటుంది, ప్రతి మూతకూ ఒక చిన్న దెబ్బ. దాన్ని మార్చడమే మేలు. కింద సంపులో మోటారు ఆగిన క్షణంలో బిల్డింగంతా అదిరే పెద్ద దెబ్బ వేరే కథ. పైకెక్కుతున్న నీళ్ల స్తంభం వెనక్కి జారి ఎన్‌ఆర్‌వీని బాదుతుంది. స్ప్రింగు ఉన్న ఎన్‌ఆర్‌వీ అయితే నీళ్లు వెనక్కి తిరిగేలోపే మూసుకుంటుంది కాబట్టి దెబ్బ తగ్గుతుంది. అది అసోసియేషన్ చూసుకోవాల్సిన పని. మన బాత్రూము కుళాయితో దానికి సంబంధం లేదు.

కుళాయి చప్పుడేనా అని తేల్చే పరీక్ష ఒకటే. అదే కుళాయిని పూర్తిగా తెరిచి, నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా కట్టండి. చప్పుడు లేకపోతే అది వాటర్ హ్యామరే. తర్వాత చన్నీళ్లు మాత్రమే తిప్పి ఒకసారి, వేడినీళ్లు మాత్రమే తిప్పి ఒకసారి గట్టిగా కట్టి చూస్తే ఏ లైనో తెలిసిపోతుంది. నిజాంపేటలో తేలింది చన్నీళ్ల లైను. ప్లంబర్ వదినను మిక్సర్ దగ్గర నిలబెట్టి, తను యుటిలిటీ పక్కనున్న డక్టులోకి చెయ్యి పెట్టి, "ఇప్పుడు కట్టండి మేడమ్" అన్నాడు. ధబ్. "మళ్లీ కట్టండి." మళ్లీ ధబ్. నన్ను పిలిచి, "ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు. మూడు మీటర్ల పొడవున పైపుకు ఒక్కటే క్లాంపు ఉంది. దాని స్క్రూ కూడా ఊడి వేలాడుతోంది. కుళాయి కట్టిన ప్రతిసారీ ఎల్బో పక్కనున్న డ్రైనేజీ పైపును కొడుతోంది. రెండు పైపుల మీదా తగిలినచోట అరిగిన తెల్లటి గీత కనబడుతోంది.

"టైల్స్ పగలగొట్టాలేమోనని భయపడ్డాను" అంది వదిన.

"క్లాంపులేస్తే శబ్దం ఆగుతుంది మేడమ్. కానీ లోపల దెబ్బ ఆగదు. దానికి నీళ్లు తగ్గించాలి" అన్నాడతను.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. చాలా ఇళ్లలో వైద్యం క్లాంపుతోనే ఆగిపోతుంది. చప్పుడు పోయింది కదా, రోగం పోయిందనుకుంటారు. పైపు కదలకుండా బిగిస్తే మన చెవులకు హాయి, పైపు అరుగుదలా తగ్గుతుంది. కానీ కుళాయి కట్టిన ప్రతిసారీ ఆ తొమ్మిది బార్ల అల లోపల తిరుగుతూనే ఉంటుంది. ఎస్‌డీఆర్ 11 రకం సీపీవీసీ చన్నీళ్లకు 27 బార్ల వరకు నిరంతర ఒత్తిడిని తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి అక్కడ పైపు పగలడం అరుదు. దెబ్బతినేవి బలహీనమైన చోట్లు. సరిగా అంటుకోని జాయింటు, ఇత్తడి మర బిగించినచోటు, వాషింగ్ మెషీన్ గొట్టం, యాంగిల్ కాక్ కింద వేలాడే జడ అల్లిక కనెక్షన్ గొట్టం. వేడినీళ్ల లైనులో పరిస్థితి ఇంకా సున్నితం. అదే పైపు 82 డిగ్రీల వేడిలో తట్టుకోగల ఒత్తిడి 7 బార్ల దగ్గరికి పడిపోతుంది. చాలా గీజర్లకు 8 బార్ల దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఉంటుంది. కుళాయి కట్టినప్పుడల్లా అక్కడి నుంచి నాలుగు చుక్కలు రాలుతుంటే దెబ్బ దాకా చేరుతోందేమో చూసుకోవాలి. నీళ్లు వేడెక్కి సాగినప్పుడు కూడా అది చుక్కలు వదులుతుంది, అది మామూలే. ఏ కారణంతో కారినా ఆ వాల్వుకు మూత బిగించడం మాత్రం ప్రాణాంతకం.

వైద్యంలో మొదటి మెట్టు నయాపైసా ఖర్చు లేనిది. కుళాయి వెనక యాంగిల్ కాక్ ఉంటే దాన్ని కొంచెం కట్టండి. లేకపోతే బాత్రూము లైను వాల్వునో, బూస్టర్ తర్వాత ఉన్న వాల్వునో తగ్గించండి. బకెట్ పెట్టి సమయం చూస్తూ తగ్గించుకుంటూ రావాలి. నిజాంపేటలో బూస్టర్ తర్వాతి వాల్వును తిప్పి బకెట్ రెండున్నర నిమిషాలకు నిండేలా చేశారు. నిమిషానికి ఎనిమిది లీటర్లన్నమాట. షవర్ ఇప్పటికీ హాయిగానే వస్తోంది. నీళ్ల వేగం 165 నుంచి 110 సెంటీమీటర్లకు దిగింది, దెబ్బ తొమ్మిది బార్ల నుంచి ఆరుకు దిగింది. వేగం తగ్గినంత నిష్పత్తిలో దెబ్బా తగ్గుతుంది, ఇందులో మాయేమీ లేదు. ఎత్తయిన టవర్లలో కింది అంతస్తుల్లో ఉండేవాళ్లకు బూస్టర్ లేకుండానే ఒత్తిడి ఎక్కువ. అక్కడ ఫ్లాట్ లైను మొదట్లో ప్రెషర్ తగ్గించే వాల్వు ఉందా, ఉంటే పనిచేస్తోందా అన్నది అసోసియేషన్‌ను అడగాలి.

రెండో మెట్టు క్లాంపులు. అర అంగుళం, ముప్పావు అంగుళం సీపీవీసీ అడ్డంగా పోయేచోట మూడడుగులకు ఒక క్లాంపు ఉండాలి, ప్రతి మలుపు పక్కనా ఒకటి ఉండాలి. లోపల రబ్బరు ఉన్న క్లాంపు మేలు. వేడినీళ్ల పైపును మాత్రం పీక పట్టుకున్నట్టు బిగించకూడదు, అది సాగడానికి జరుగుబాటు కావాలి.

ఈ రెండింటితోనూ తగ్గకపోతే, లేదా తగ్గించలేని వాషింగ్ మెషీన్ అయితే, దెబ్బను మింగే పరికరం కావాలి. దాని పేరు వాటర్ హ్యామర్ అరెస్టర్. బొటనవేలి లావున చిన్న గొట్టం, లోపల రబ్బరు రింగులున్న పిస్టన్, దాని వెనక సీలు చేసిన గాలి. నీళ్లు కుదించుకోవు, గాలి కుదించుకుంటుంది. కుళాయి మూసుకోగానే నీళ్లు పిస్టన్‌ను తోసి గాలిని నొక్కి, నెమ్మదిగా వెనక్కి వస్తాయి. ఆ కాసేపటి వెసులుబాటుతో దెబ్బ మెత్తబడుతుంది. ఎక్కడ పెట్టారన్నదే ఇక్కడ ముఖ్యం. దెబ్బ పుట్టే కుళాయికి ఆరడుగుల లోపు ఉండాలి, ఎంత దగ్గరైతే అంత మంచిది. టెర్రస్ మీదో పంపు పక్కనో పెడితే అల పైపంతా తిరిగాక గానీ దాన్ని చేరదు. బూస్టర్‌కు ప్రెషర్ ట్యాంకు ఉంది కదా అని నమ్ముకోవడం కూడా ఇందుకే కుదరదు. వాషింగ్ మెషీన్‌కు కుళాయికీ గొట్టానికీ మధ్య చేత్తో బిగించుకునే రకం దొరుకుతుంది, గోడ పగలగొట్టే పని లేదు. మూలమీది హార్డ్‌వేర్ షాపులో అడిగిన వెంటనే దొరక్కపోవచ్చు, పెద్ద శానిటరీ షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో వెతకాల్సి రావచ్చు. నిజాంపేట బాత్రూములో దీని అవసరం పడలేదు, వాషింగ్ మెషీన్ దగ్గర మాత్రం ఒకటి పెట్టారు.

అనుభవమున్న పాత మేస్త్రీలు ఇదే పని చౌకగా చేసేవారు. కుళాయి దగ్గర టీ పెట్టి, అడుగు రెండడుగుల పైపును నిలువుగా లేపి పైన మూత వేసేవారు. అందులో చిక్కుకున్న గాలే దిండులా పనిచేస్తుంది. చిక్కేమిటంటే ఆ గాలి మెల్లమెల్లగా నీళ్లలో కరిగిపోతుంది, గొట్టం నీళ్లతో నిండిపోతుంది, ఒకనాడు చప్పుడు మళ్లీ మొదలవుతుంది. మీ పాత ఇంట్లో ఏళ్ల తరబడి లేని చప్పుడు ఉన్నట్టుండి వచ్చిందంటే ఇది కారణం కావచ్చు. మెయిన్ వాల్వు కట్టి, అన్నిటికంటే పైనున్న కుళాయీ అన్నిటికంటే కిందున్న కుళాయీ తెరిచి లైను మొత్తం ఖాళీ చేసి, మళ్లీ కట్టి నీళ్లు వదిలితే గాలి తిరిగి చేరుతుంది. ఈ పనికి ముందు గీజర్ స్విచ్ ఆపడం మరవకండి.

ఇంతకీ ఇన్ని ఇళ్లలో ఈ బాధ పుట్టేది కట్టేటప్పుడే. పైపు ఖర్చులో కొద్ది రూపాయలు మిగులుతాయని డక్టు నుంచి బాత్రూము దాకా మొత్తం అర అంగుళమే లాగేస్తారు. అదే ముప్పావు అంగుళం సీపీవీసీ లోపలి వ్యాసం సుమారు పద్దెనిమిది మిల్లీమీటర్లు, నీళ్లు పోయే చోటు రెట్టింపు కంటే ఎక్కువ. నిమిషానికి అదే పన్నెండు లీటర్లు అందులో సెకనుకు 80 సెంటీమీటర్ల లోపు వేగంతోనే పోతాయి. షవర్ ధారా తగ్గదు, దెబ్బా సగానికి పైగా పడిపోతుంది. బూస్టర్ కూడా అక్కర్లేకపోవచ్చు, ఎందుకంటే ఇరుకు పైపులో రాపిడికే చాలా ఒత్తిడి హరించుకుపోతుంది.

కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్లూ, బాత్రూము తిరగదోడిస్తున్నవాళ్లూ టైల్స్ వేసేలోపు ఒకసారి దగ్గరుండి చూసుకోండి. కుళాయికి చివరి రెండు మూడు అడుగులు తప్ప మిగతా లైనంతా ముప్పావు అంగుళం ఉందో లేదో, గోడ గాడిలో పైపును మేకులతో కాకుండా క్లాంపులతో పట్టి ఉంచారో లేదో అడగండి. పూడ్చేముందు గోడకు ఫోటోలు తీసి పెట్టుకోండి. వాషింగ్ మెషీన్ పాయింటు దగ్గర అరెస్టర్ బిగించేంత జాగా వదలమని కూడా చెప్పండి.